‘ఇయ్యాల్నే మీటింగు’ అంటే ఎందుకో చెప్పాలె
మబ్బు పట్టిన నాడు వడ్ల కొనుగోలు కేంద్రం కాడికి రైతులను పిలిచే తీరు

యాసంగి వడ్లు కోతకొచ్చి, కల్లాలన్నీ నిండిన రోజులు. పొద్దున ఎండ చుర్రుమంటుంది. పదకొండు దాటేసరికి పడమట మబ్బు లేస్తుంది. పంచాయతీ మైకులో ఒక గొంతు వినిపిస్తుంది: “రైతులందరు అర్జెంటుగ కొనుగోలు సెంటరు కాడికి రావాలె. ముఖ్యమైన మీటింగు ఉన్నది. అందరు తప్పకుండ రావాలె.” అంతే, మైకు బందవుతుంది.

ఇది మీ ఊళ్లోనే జరిగిందనుకోండి. మీరేం చేస్తారు? “ఏం మీటింగో! మళ్లీ ఆధార్ జిరాక్సులు అడుగుతరేమో. సాయంత్రం పోదాం” అనుకుంటారు. పక్కింటాయన ఇంకొకరి పొలంలో కూలికి పోయాడు, ఆయనకసలు వినిపించనే లేదు. వాడకట్టు చివర ఉండే అక్క విన్నది గానీ, ‘మీటింగంటే మొగోళ్లకు’ అనుకొని ఊరుకుంది. చివరికి నలభై కుప్పలకు ఎనిమిది మందో తొమ్మిది మందో పోతారు. వాళ్లు గంటసేపు మిగతావాళ్ల కోసం చూసి, చూసి, తిట్టుకుంటూ ఇళ్లకు వెళ్తారు. రాత్రి గాలివాన వస్తుంది. తెల్లారి అందరూ కేంద్రం కాడ నిలబడి, “ముందే చెప్తే రాకపోదుమా?” అంటారు.

పిలిచినవాళ్లు చెప్పలేదా అంటే చెప్పారు. రమ్మని చెప్పారు, ఎందుకో చెప్పలేదు. చేతిలో పని విడిచి రావాల్సిన రైతుకు ఆ ‘ఎందుకో’ అన్న ముక్కే కావాలి.

కరీంనగర్ జిల్లా రైతులకు ఈ బాధ కొత్తది కాదు. 2023 మార్చిలో వడగళ్ల వాన పడి మక్క, వరి, మామిడి నేలపాలయ్యాయి. అప్పటి ముఖ్యమంత్రి రామడుగు మండలానికి వచ్చి, నష్టపోయిన పంటకు ఎకరాకు రూ.10,000 చొప్పున ఇస్తామన్నారు. ఆ ఏప్రిల్ చివర మళ్లీ అకాల వర్షాలు పడితే కేంద్రాల్లో ఆరబోసిన వడ్లు తడిసాయి. చేను మీద పడే వడగళ్లను ఎవరూ ఆపలేరు. కానీ కేంద్రం కాడ కుప్పపోసిన వడ్లను కాపాడుకోవడానికి ఒక పూట టైము చాలాసార్లు దొరుకుతుంది. ఆ పూటలో సగం మనుషులు కూడేసరికే గడిచిపోతే ఇక చేసేదేముంటుంది?

మీటింగా, హుకుమా?

పిలిచేవాళ్లు మొదట తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇక్కడ పదిమంది కూర్చొని తేల్చుకోవాల్సినది ఏమన్నా ఉందా? లేకపోతే మీటింగు పెట్టవద్దు, చేయాల్సిన పని నేరుగా చెప్పాలి.

2022 జూలై సంగతి గుర్తుండే ఉంటుంది. పాత ఆదిలాబాద్ జిల్లా కడెం ప్రాజెక్టుకు భారీ వరద వచ్చింది. ఉన్న 18 గేట్లలో ఒకటి లేవలేదు. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులైతే, పైనుంచి వచ్చింది 5 లక్షలకు మించింది. దిగువ గ్రామాల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. అలాంటి వేళ “చర్చించుకుందాం రండి” అనకూడదు. “నీళ్లొస్తున్నయి, పిల్లల్ని ముసలోళ్లను తీసుకొని ఫలానా బడికి పోండ్రి” అనాలి. అది హుకుం. పిడుగులు మొదలైనప్పుడూ ఇంతే. మైదానంలో, చెట్టు కింద మీటింగు పెడితే ప్రాణాల మీదికి తెచ్చుకున్నట్టే.

వడ్ల కేంద్రం సంగతి వేరు. వాన రావడానికి ఐదారు గంటలుంది. కాంటా ఒక్కటే, కుప్పలు ఎక్కువ, కవర్లు తక్కువ. ఎవరి వడ్లు ముందు తూకం వేయాలి, కవర్లు ఎవరికి ఇవ్వాలి అన్నది ఒక్కరు తేలిస్తే గొడవవుతుంది. ఇది అందరూ కూడి తేల్చుకోవాల్సిన మాట. అందుకే ఇక్కడ మీటింగు అవసరం, అది ఈ రోజే అవసరం.

టైము వెనక నుంచి లెక్కవేయాలి

ఒక ఊరిని లెక్కకు తీసుకుందాం. ఐకేపీ మహిళా సంఘం నడిపే కేంద్రం. 42 కుప్పలు పోసి ఉన్నాయి. అందులో 11 కుప్పలు ఆరి, తేమ 17 శాతానికి దిగి, టోకెన్లు తీసుకున్నాయి. సర్కారు మద్దతు ధరకు కొనాలంటే వడ్లలో తేమ 17 శాతం దాటకూడదన్న సంగతి మీకు తెలిసిందే. మిగతా 31 కుప్పలు ఇంకా ఆరాలి. కేంద్రంలో 26 టార్పాలిన్ కవర్లున్నాయి. పదకొండున్నరకు వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చింది: సాయంత్రం నుంచి రాత్రి వరకు ఉరుములు, ఈదురుగాలులతో వాన.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కంగారులో “ఇప్పుడే రండి” అంటారు. ఇప్పుడే అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఒకరు పన్నెండుకు వస్తారు, ఒకరు రెండుకు వస్తారు. ముందు వచ్చినవాళ్లు విసుగుతో తిరిగిపోతారు.

దానికి బదులు లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. వాన ఆరింటికి అనుకుందాం. కుప్పలు దగ్గరకు ఎగదోయడానికి, చుట్టూ కాలువ తీయడానికి, కవర్లు కప్పడానికి, ఎండినవి తూకం వేయడానికి మూడు గంటలు కావాలి. అంటే మూడింటికి పని మొదలవ్వాలి. మాట్లాడుకోవడానికి అరగంట. అంటే మీటింగు రెండున్నరకు. పన్నెండున్నరకు పిలుపు వెళితే, మనిషికి రెండు గంటల గడువు దొరుకుతుంది. ఆ రెండు గంటల్లో అన్నం తింటాడు, కూలికి పోయినవాడు యజమానితో మాట్లాడుకుంటాడు, పొలం కాడి భార్యకు కబురు పంపుతాడు. ఎండాకాలం ఆ వేళకు చాలామంది ఎలాగూ ఇంటి పట్టున ఉంటారు. సాయంత్రం ఐదంటే మాత్రం పాలు పిండే వేళ, బర్లు ఇంటికొచ్చే వేళ. అప్పుడు పిలిస్తే సగం మంది రారు, వచ్చినవాళ్ల మనసు కొట్టం కాడే ఉంటుంది.

మీటింగు ఎప్పుడు మొదలవుతుందో చెప్పడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు అయిపోతుందో చెప్పడం కూడా అంతే ముఖ్యం. “అరగంటే” అని ముందే తెలిస్తే కూలికి పోయిన మనిషి మేస్త్రీని అడగగలుగుతాడు. ఎంతసేపో తెలియకపోతే అడగడానికే జంకుతాడు.

ఎవరు రావాలో తేల్చి చెప్పాలి

‘రైతులందరు’ అంటే ఎవరికి వారు ‘నేను కాదేమో’ అనుకుంటారు. ఈ మీటింగుకు ఊరంతా అక్కరలేదు. కేంద్రంలో కుప్ప ఉన్నవాళ్లు, కుప్పకు ఒక్కరు చాలు. 42 కుప్పలకు 42 మంది. వాళ్లతో పాటు కేంద్రం నడిపే సంఘం అక్క, హమాలీల మేస్త్రీ ఉండాలి. లారీ వస్తుందో రాదో అప్పటికే కనుక్కొని ఉండాలి. మేస్త్రీ లేకుండా తూకం గురించి మాట్లాడితే, అదే మాట మళ్లీ ఆయన ముందు మొదటి నుంచి మాట్లాడాల్సి వస్తుంది.

కుప్పకు ఒక్కరంటే ఆ ఒక్కరు ఎవరు? కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో చాలా ఇళ్ల మొగవాళ్లు గల్ఫులో ఉంటారు. పట్టా పాసుబుక్కు భర్త పేరు మీద ఉంటుంది, కుప్ప కాడ కావలి కాసేది భార్య. కౌలుకు చేసే ఇంట్లో పట్టాదారు పట్నంలో ఉంటాడు, వడ్లు కౌలుదారువి. కాబట్టి ‘రైతులు’, ‘పట్టాదారులు’ అని పిలవకుండా, “కుప్ప చూసుకుంటున్నోళ్లు, ఆడోళ్లయినా మొగోళ్లయినా” అని విప్పి చెప్పాలి. ఈ ఒక్క మాట లేకపోవడం వల్లనే వాడకట్టు చివరి అక్క ఇంట్లో ఉండిపోయింది.

సాటింపులో ఏ మాటలుండాలి

ఇప్పుడు పిలుపు కూర్చుకుందాం. డప్పు సాటింపైనా, పంచాయతీ మైకైనా విన్నవాళ్లకు నాలుగైదు ముక్కల కంటే ఎక్కువ గుర్తుండవు. అందుకని ఎందుకో అన్నది ముందు రావాలి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి తర్వాత రావాలి. మన లెక్కలోని ఊళ్లో ఇట్లా చెప్పవచ్చు:

“వినుండ్రహో! ఇయ్యాల సాయంత్రం గాలివాన ఉన్నదని వాతావరణం ఆఫీసోళ్లు చెప్పిన్రు. సెంటర్ల వడ్ల కుప్ప ఉన్నోళ్లు, ఆడోళ్లయినా మొగోళ్లయినా కుప్పకు ఒక్కరు, రెండున్నరకు సెంటరు కాడి బడి వరండలకు రావాలె. అర్ధగంటే మీటింగు. ఎవరి వడ్లు ముందుగాల కాంటా పెట్టాలె, కవర్లు ఎట్ల పంచుకోవాలె, ఈ రెండే మాట్లాడుడు. మూడింటికి పని షురువైతది. ఇంట్ల కవరు, పార ఉంటే పట్టుకొని రాండ్రి. రాలేనోళ్లు పక్క కుప్పోళ్లకు చెప్పి పంపుండ్రి.”

దీంట్లో ‘అర్జెంటు’ అన్న మాటే లేదని గమనించండి. వాన సాయంత్రం వస్తుందని విన్న రైతుకు అది అర్జెంటని వేరే చెప్పనక్కరలేదు. ‘ఈ రెండే మాట్లాడుడు’ అనడంతో ఆధార్ జిరాక్సుల అనుమానం పోయింది. ‘రేపు పెట్టొచ్చు కదా’ అన్న ప్రశ్నకు కూడా మొదటి వాక్యంలోనే జవాబుంది. ఏ కారణమైనా అదే పరీక్ష పెట్టి చూడండి. రేపటికి వాయిదా వేస్తే ఏం పోతుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, ఆ మీటింగు ఈ రోజే పెట్టాల్సిన పని లేదు.

సాటింపు ఒక్కసారి చేసి ఊరుకుంటే సరిపోదు. పన్నెండున్నరకు ఒకసారి, రెండింటికి ఇంకోసారి, అవే మాటలు, అదే టైము చెప్పాలి. రెండోసారి టైము మార్చితే మొదటిది విన్నవాళ్లు, రెండోది విన్నవాళ్లు చెరో వేళకు వస్తారు. మైకు చౌరస్తాకే వినిపిస్తే, చివరి వాడకట్టుకు మనిషిని పంపాలి.

ఇప్పుడు చాలా ఊళ్లలో వాట్సాప్ గ్రూపులున్నాయి. మంచిదే. కానీ చదవడం రానివాళ్ల కోసం అరనిమిషం మించకుండా గొంతుతో చెప్పి పంపండి. అందులో తారీఖు, వారం తప్పక పలకాలి. లేకపోతే సోమవారం పంపిన మాట మంగళవారం ఇంకో గ్రూపులో తిరిగి, లేని మీటింగుకు జనం వస్తారు. గ్రూపులో వేశాం కాబట్టి అందరికీ చేరిందనుకోవద్దు. టోకెన్ల పుస్తకం ముందు పెట్టుకొని, చేరినవాళ్ల పేరుకు టిక్కు కొట్టుకుంటూ పోతే, ఎవరికి ఫోను చేయాలో, ఎవరింటికి పోవాలో తెలిసిపోతుంది.

ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో ఈ పని ఇంకా కష్టం. ఇళ్లు దూరదూరం, కొన్నిచోట్ల సిగ్నల్ అందదు. అక్కడ పటేల్ పంపిన మనిషి నోటిమాటే పిలుపు. ఆ మనిషి నాలుగు గూడేలు తిరిగేసరికి మాట మారిపోవచ్చు. అందుకని బయలుదేరే ముందు ఒకసారి అతని చేత తిరిగి చెప్పించుకోవాలి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే గోండీలోనో, కొలామీలోనో చెప్పించాలి. మనిషి నడిచిపోయే టైము, జనం నడిచివచ్చే టైము రెండూ కలుపుకొని గడువు పెట్టాలి. రెండు గంటలు చాలకపోతే అందరినీ ఒక్కచోటికి పిలిచే కంటే, గూడేనికి ఒకరిని పిలవడం మేలు.

అరగంటలో ఏం తేల్చాలి

రెండున్నర అయింది. 42 మందికి 33 మంది వచ్చారనుకోండి. ఇంకా రావాలని ఆగవద్దు. టైముకు వచ్చినవాళ్లను కూర్చోబెడితే, వచ్చేసారి వాళ్లూ ఆలస్యంగానే వస్తారు. సంఘం అక్క మొదటి మాటగా సాటింపులో చెప్పిన కారణమే మళ్లీ చెప్పాలి. తర్వాత లెక్క ముందు పెట్టాలి.

హమాలీల మేస్త్రీ ఒక్క కాంటా మీద చీకటి పడేలోపు 240 సంచులు అవుతాయన్నాడు. సంచికి 40 కిలోల చొప్పున అది 96 క్వింటాళ్లు. ఎండిన కుప్పలు సుమారు 60 సంచులవైతే, నాలుగు కుప్పలకే సరి. ఎండినవేమో 11. గొడవ పుట్టేది ఇక్కడే. పలుకుబడి ఉన్నవాళ్ల కుప్పలు ముందు పెడితే, వచ్చేసారి పిలిచినప్పుడు చిన్న రైతు రాడు. టోకెను వరస ప్రకారం మొదటి నాలుగు అంటే ఎవరూ కాదనలేరు. తూకం చీటీ అప్పటికప్పుడే తీసుకోవాలి. లారీ రాకపోతే ఆ సంచులు బడి వరండాలో నెట్టు కట్టాలి.

ఇక మిగిలినవి 38 కుప్పలు, కవర్లు 26. అందులో 14 పెద్దవి, 24 చిన్నవి. పెద్దవాటికి తలా ఒక కవరు పోతే 12 మిగులుతాయి. చిన్న కుప్పలను రెండేసి పక్కపక్కకు ఎగదోసి, జంటకు ఒక కవరు కప్పితే 24 కుప్పలకు సరిపోతుంది. రెండు కుప్పల నడుమ ఖాళీ సంచులు నిలువుగా పెట్టాలి. లేకపోతే ఒకరి ఎండిన వడ్లు, ఇంకొకరి పచ్చి వడ్లు కలిసి రేపు కొత్త తగాదా అవుతుంది. ఇండ్లనుంచి తెచ్చిన కవర్లు పాతవాటి చిల్లుల మీదికి పనికొస్తాయి.

మీటింగు అంతే. మూడు కొట్టేసరికి లేవాలి. కుప్పను వెడల్పుగా పరచకుండా ఇంటి కప్పులా ఏటవాలుగా ఎగదోయాలి. నీళ్లు అడుగుకు పోకుండా చుట్టూ జానెడు కాలువ తీసి పల్లానికి కలపాలి. కవరు అంచుల మీద రాళ్లు గానీ, మట్టి నింపిన సంచులు గానీ పెట్టాలి. వాన వెలిసి ఎండ రాగానే కవరు తీయాలి. తీయకపోతే లోపల ఉమ్మదనానికి వడ్లు వేడెక్కి, మొలకెత్తి, రంగు మారుతాయి.

రానివాళ్ల సంగతి

రాని తొమ్మిది మంది కుప్పలను విడిచిపెట్టవద్దు. కవర్ల లెక్కలో వాళ్లవీ ఉన్నాయి. పక్క కుప్పవాళ్లు చూసుకోవాలి. కానీ వాళ్లు లేనప్పుడు వాళ్ల నెత్తిన ఖర్చు వేయకూడదు. “కొత్త కవర్లకు కుప్పకు ఇంత” అన్న మాట ఎవరన్నా ఎత్తితే, దాన్ని ఇంకో రోజుకు పెట్టాలి. అప్పటికప్పుడు పిలిచిన మీటింగులో ఆ రాత్రికి కావాల్సినవే తేల్చాలి. గ్రామసభకు, సొసైటీ సర్వసభ్య సమావేశానికి నోటీసు నియమాలు వేరే ఉంటాయి. అక్కడ చేయాల్సిన తీర్మానాలు ఇక్కడ చేస్తే చెల్లవు, తగాదాలు మాత్రం మిగులుతాయి. ఏం తేల్చారో ఆ సాయంత్రమే అదే మైకులో, అదే గ్రూపులో చెప్పాలి. అప్పుడు రానివాళ్లకు అనుమానం ఉండదు.

వాన రాకపోతే?

ఇది కూడా జరుగుతుంది. మబ్బు మనూరు దాటి ఇంకో మండలంలో కురిసిపోతుంది. “ఉత్తగనే పిలిచిన్రు” అని నలుగురు నవ్వుతారు. నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. ఆ కథలో పిల్లవాడు అబద్ధమాడాడు. ఇక్కడ పిలిచినవాళ్లు ఆడలేదు. కానీ ఆ తేడా జనానికి తెలియాలంటే, ముందే “వస్తుందని ఆఫీసోళ్లు చెప్పిన్రు” అని చెప్పి ఉండాలి, “తప్పక వస్తుంది” అని చెప్పకూడదు. మర్నాడు పొద్దున మైకులో “వాన మనకు తప్పింది, కవర్లు తీయుండ్రి, వడ్లు ఆరబోయుండ్రి” అని చెప్పడం మరిచిపోవద్దు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తారీఖున, ఎన్ని గంటలకు పిలిచాం, ఎందుకు పిలిచాం, ఎన్నింటికి మొదలైంది, ఎంతమంది వచ్చారు, వాన వచ్చిందా రాలేదా, ఒక్కో వరస రాస్తే చాలు. నాలుగైదు సార్లు రాసేసరికి మీ ఊళ్లో ఏ వేళకు పిలిస్తే జనం వస్తున్నారో, ఏ వాడకట్టుకు సాటింపు అందడం లేదో అందులోనే కనిపిస్తుంది. ఆ వాడకట్టుకు వచ్చేసారి ముందుగా మనిషిని పంపండి.